ఆఫీసుకి వచ్చి చేయాల్సిన ఉద్యోగం, రెజ్యూమెలో మీ ఊరు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో 11 ఏళ్లుగా రిక్రూటర్‌ని. ఎక్కువగా ఐటీ, మధ్యమధ్యలో ఫార్మా ప్లాంట్ల ఉద్యోగాలు చూస్తాను. వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాలన్న ఉద్యోగాలు మళ్లీ పెరిగాక, రాజమండ్రి నుంచీ కడప నుంచీ కరీంనగర్ నుంచీ అప్లై చేసేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకంగా ఉంటున్నాయి. ప్రతిసారీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టే బదులు ఒకచోట రాసేద్దామని ఇది.

ఊరి పేరు చూసి నిజంగానే పక్కన పెట్టేస్తారా?

పక్కన పెట్టడం అంటే మీ రెజ్యూమె తెరిచి, చదివి, ఊరు నచ్చక మూసేస్తామని కాదు. చాలాసార్లు అసలు తెరవం. నౌక్రీలో మాలాంటి వాళ్లు వాడే వైపు ఒకటుంటుంది, రెజ్‌డెక్స్ అంటారు. అందులో వెతికేటప్పుడు స్కిల్, అనుభవం, జీతం, నోటీస్ పీరియడ్‌తో పాటు ప్రస్తుతం ఏ ఊళ్లో ఉన్నారు అనే గడి కూడా ఉంటుంది. గచ్చిబౌలిలో ఉద్యోగమైతే నేను మొదట అక్కడ హైదరాబాద్ అనే పెడతాను. కావాల్సినంత మంది దొరికితే వెతకడం అక్కడితో ఆపేస్తాను, మీరు ఎంత బాగా పనిచేస్తారన్నది నా స్క్రీన్ దాకా రాదు. దొరక్కపోతే అప్పుడు పక్కనే ఉన్న ఇంకో టిక్ పెడతాను, ఈ ఊరికి మారడానికి ఇష్టపడేవాళ్లని కూడా చూపించు అని. మీరు కనిపించేది ఈ రెండో విడతలోనే, అది కూడా మీ ప్రొఫైల్‌లో కోరుకునే ఊళ్ల దగ్గర హైదరాబాద్ అని ఉంటేనే.

లింక్డ్‌ఇన్‌లోనూ రిక్రూటర్లకి ఇదే ఏర్పాటు ఉంది. ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్నవాళ్లనే చూడొచ్చు, అక్కడికి మారతామన్న వాళ్లనే చూడొచ్చు, లేదా ఇద్దర్నీ కలిపి చూడొచ్చు. మారతామన్న జాబితాలోకి మీరు రావాలంటే "ఓపెన్ టు వర్క్" సెట్టింగులో ఆన్-సైట్ అని టిక్ పెట్టి, ఏ ఊళ్లో కావాలో ఆ ఊరు చేర్చాలి. చాలామంది రిమోట్ ఒక్కటే టిక్ పెట్టేసి ఉంటారు, ఎప్పుడో 2021లో పెట్టింది, మళ్లీ ఆ వైపు పోయి చూసి ఉండరు.

అన్నట్టు, లింక్డ్‌ఇన్‌లో హైదరాబాద్ అని టైప్ చేస్తే పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్ కూడా వస్తుంది. తొందరలో దాన్ని నొక్కేసినవాళ్లని నేను చూశాను. ఒకసారి మీది చూసుకోండి, నవ్వుకోవడం తర్వాత.

"రీలొకేట్ అవుతాను" అని రాస్తే ఎందుకు నమ్మరు?

మోసపోయాం కాబట్టి. రిక్రూటర్‌కి అసలు భయం మీ ఊరు ఎంత దూరం అని కాదు, జాయినింగ్ రోజు మీరు వస్తారా రారా అని.

కొన్నేళ్ల కిందట కాకినాడ నుంచి ఒకబ్బాయిని తీసుకున్నాం. మూడు రౌండ్లు బాగా చేశాడు, ఆఫర్ తీసుకున్నాడు, 60 రోజుల నోటీస్ పూర్తి చేశాడు. సోమవారం జాయినింగ్. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే రూమ్ వెతుకుతున్నా మేడమ్ అన్నాడు. సోమవారం పొద్దున పదింటికి చేస్తే ఎత్తింది వాళ్ల నాన్నగారు, "మావాడు రావట్లేదమ్మా, ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం" అన్నారు. నాకు ఆ రెండు నెలల కష్టం పోయింది, క్లయింట్ దగ్గర మాట పోయింది, ఆ ప్రాజెక్టు మేనేజర్ తర్వాత ఏడాదిపాటు "లోకల్ క్యాండిడేట్స్ ఓన్లీ" అని మెయిల్లో ఎర్ర రంగులో రాసి పంపేవాడు. ఆ కుర్రాడిది తప్పా అంటే ఏమో, ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం అప్లై చేసే ముందు కాకుండా ఆఖరి శనివారం మాట్లాడుకున్నారు, అంతే. కానీ ఆ ఎర్ర అక్షరాల దెబ్బ తర్వాత అప్లై చేసిన మీలాంటి వాళ్లకి తగిలింది.

అందుకే "రెడీ టు రీలొకేట్" అనే మూడు మాటలు మాకు అలవాటైపోయి కంటికి ఆనవు. అందరూ రాస్తారు. ఏ ఊరికి, ఎప్పటికల్లా, ఎందుకు అనే మూడూ ఉంటే మాత్రం కన్ను ఆగుతుంది.

నాలుగు నెలలుగా ఒక్క కాల్ లేదు. రెజ్యూమెలో ఏం మార్చాలి?

ఇది విడిగా చెప్పే కంటే ఒకరి రెజ్యూమె ముందు పెట్టుకుని చెబితే తేలిగ్గా ఉంటుంది. రాజమండ్రి నుంచి ఒక జావా డెవలపర్ రెజ్యూమె పంపాడు, దాదాపు ఐదేళ్ల అనుభవం, హైదరాబాద్ కంపెనీకే ఇంటి నుంచి పనిచేస్తున్నాడు. ఇప్పుడా కంపెనీ తగ్గించుకుంటోంది, ఇతను వేరే చోట చూసుకుంటున్నాడు. ఆఫీసుకి రావడానికి ఏ ఇబ్బందీ లేదంటాడు. మరి కాల్స్ ఎందుకు రావట్లేదు?

రెజ్యూమె పైన పేరు కింద డోర్ నంబరు, వీధి, రాజమండ్రి, పిన్‌కోడ్ మొత్తం రెండు లైన్లు. ఇంకో ఊరి ప్రస్తావనే లేదు. ప్రస్తుత ఉద్యోగం దగ్గర కంపెనీ పేరు పక్కన "Remote" అని ఒక్క మాట. అది చూసే రిక్రూటర్‌కి రెండు అనుమానాలు వస్తాయి, ఇతనికి రిమోటే కావాలేమో అని ఒకటి, ఆఫీసు వాతావరణంలో ఎప్పుడూ పనిచేయలేదేమో అని ఇంకొకటి. నిజానికి ఇతను మొదటి ఏడాదిన్నర మాదాపూర్‌లో హాస్టల్లో ఉండి ఆఫీసుకి వెళ్లినవాడే. అది రెజ్యూమెలో ఎక్కడా లేదు! ఇక ఆఖరి పేజీ అడుగున, ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఎవరో ఇచ్చిన ఫార్మాట్‌లోంచి వచ్చిన డిక్లరేషన్, పై వివరాలన్నీ నిజమని ఇందుమూలంగా అనే రకం, దాని కింద "Place: Bhimavaram". కాలేజీ భీమవరంలో కాబట్టి అప్పుడు రాసింది అలాగే మిగిలిపోయింది. అంటే ఒకే రెజ్యూమెలో రాజమండ్రి, భీమవరం, రిమోట్, ఈ మూడూ ఉన్నాయి, ఉద్యోగం ఉన్న ఊరు తప్ప.

మార్చింది చాలా తక్కువ. పేరు కింద ఆ రెండు లైన్ల అడ్రస్ తీసేసి దాని బదులు ఇలా పెట్టించాను:

```
Rajahmundry, AP | Relocating to Hyderabad
Can join in 30 days | In-person interview: 2 days' notice
```

ఉద్యోగం దగ్గర ఒట్టి రిమోట్ అని కాకుండా, మొదటి 18 నెలలు హైదరాబాద్ ఆఫీసు నుంచి, తర్వాత ఇంటి నుంచి అని తేదీలతో రాయించాను. డిక్లరేషన్ మొత్తం తీసేశాం, ప్రైవేటు కంపెనీలో అది ఎవరూ అడగరు, దానివల్ల ఎవరికీ ఉద్యోగం రాలేదు. నౌక్రీలో ప్రస్తుత ఊరు రాజమండ్రి అలాగే ఉంచి, కోరుకునే ఊళ్లలో హైదరాబాద్ చేర్చాడు. నోటీస్ పీరియడ్ 30 రోజులు అని సరిచేసుకున్నాడు, అంతకుముందు 60 అని ఉండేది, అది పాత కంపెనీది.

ఇంటర్వ్యూ గురించి ఆ రెండు రోజుల మాట ఎందుకంటే, ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో ఒకరి బదులు ఇంకొకరు కూర్చోవడం ఎక్కువయ్యాక చాలా కంపెనీలు కనీసం ఒక రౌండు ఎదురుగా కూర్చోబెట్టి చేస్తున్నాయి. బయటి ఊరివాళ్లని పిలవడానికి మేము వెనకాడేది ఇక్కడే, గురువారం మధ్యాహ్నం మేనేజర్ శనివారం పొద్దున స్లాట్ ఇస్తాడు, బయటి ఊరి మనిషి టికెట్ దొరకలేదంటాడు. ఇతనికి మాత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రి రాజమండ్రిలో ఎక్కితే పొద్దునకి లింగంపల్లి, అక్కణ్ణుంచి గచ్చిబౌలి ఆటో దూరం. వస్తాను అని ముందే రాస్తే ఆ అనుమానం నాకు రాదు.

మూడు వారాల్లో ఐదు కాల్స్ వచ్చాయి. ఐదూ ఊరు మార్చినందుకే వచ్చాయని నేను అనను, ప్రొఫైల్ అప్‌డేట్ చేస్తే వెతుకులాటలో కాస్త పైకి రావడం మామూలే. కానీ ఐదుగురూ మొదట అడిగింది మాత్రం "హైదరాబాద్ ఎప్పుడు వస్తున్నారు" అనే. "వస్తారా" అని అడగలేదు. ఆ తేడా చాలు.

"ఎనీవేర్ ఇన్ ఇండియా" అని పెడితే ఎక్కువ కాల్స్ వస్తాయి కదా?

రావు. పైగా నష్టం. రెజ్‌డెక్స్‌లో ఇంకో టిక్ ఉంటుంది, కోరుకునే ఊరి దగ్గర "ఎనీవేర్" అని పెట్టినవాళ్లని తీసెయ్ అని. విసిగిపోయిన రిక్రూటర్లు ఆ టిక్ పెట్టుకుంటారు, నేనూ పెట్టుకుంటాను. ఎందుకంటే ఎక్కడికైనా వస్తామన్న వాళ్లకి ఫోన్ చేస్తే "పుణేనా మేడమ్? పుణే అయితే కష్టం" అనే జవాబు చాలాసార్లు విన్నాం.

నిజంగా వెళ్లగలిగిన రెండు మూడు ఊళ్లు పెట్టండి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అని పెడితే ఒక మనిషి ఆలోచించి పెట్టాడని అర్థమవుతుంది. పది ఊళ్లు పెడితే అదీ ఎనీవేర్ లాంటిదే. ఫ్రెషర్లకి మాత్రం లెక్క వేరు, పెద్ద సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌లో తీసుకునేటప్పుడే ఏ ఊరికి వేసినా వెళ్లాలని రాయించుకుంటాయి కాబట్టి అక్కడ ఎక్కడికైనా అనడమే సరైన జవాబు.

అప్లై చేసేటప్పుడు కమ్యూట్ చేయగలరా అని అడుగుతోంది. నేను విజయవాడలో ఉంటే నో అనే కదా పెట్టాలి?

అస్సలు వద్దు. నిజాయితీగా ఉన్నవాళ్లే ఎక్కువగా పోగొట్టుకునేది ఈ ప్రశ్న దగ్గర. లింక్డ్‌ఇన్‌లో అది ఇలా కనిపిస్తుంది:

```
Are you comfortable commuting to this job's location?
```

విజయవాడ నుంచి రోజూ హైదరాబాద్ ఎలా వెళ్తాం అనుకుని మనవాళ్లు నో నొక్కేస్తారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఈ ప్రశ్నని తప్పనిసరి అని పెట్టి ఉంటే, నో అన్నవాళ్ల అప్లికేషన్లు విడిగా సరిపోనివాళ్ల గుంపులో పడతాయి, కొన్ని చోట్ల మాకు సంబంధం లేకుండానే సారీ మెయిల్ కూడా వెళ్లిపోతుంది. అడిగేది ఉద్యోగంలో చేరాక ఆ ఆఫీసుకి రోజూ రాగలరా అని, ఇవాళ మీ ఇంటి నుంచి రాగలరా అని కాదు. ఊరు మారడానికి సిద్ధమైతే జవాబు ఎస్. ఇది అబద్ధం కాదు, కింద మీ రెజ్యూమెలో రాజమండ్రో విజయవాడో కనిపిస్తూనే ఉంటుంది కదా.

దానితో పాటే ఆన్-సైట్‌లో పనిచేయడం ఓకేనా అని ఇంకో ప్రశ్న వస్తుంది. వారానికి మూడు రోజులైతే చూద్దాం, మాట్లాడి ఒప్పిద్దాం అనే ఆలోచనతో ఎస్ పెట్టకండి. ఆ బేరం ఆఖరి రౌండులో బయటపడితే అందరికీ టైమ్ వేస్ట్.

ఇదంతా ఎందుకు, హైదరాబాద్‌లోనే ఉన్నట్టు రాసేస్తే పోలా?

రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ దొరకరు కూడా. కానీ దొరికే విధానం చెబుతాను. నేను ఫోన్ చేసి "ఎక్కడుంటారండి?" అంటే "కూకట్‌పల్లి" అంటారు. "కూకట్‌పల్లిలో ఎక్కడ?" అంటే కాసేపు నిశ్శబ్దం. తర్వాత "రేపు పదకొండింటికి ఆఫీసుకి రాగలరా" అంటే జ్వరం, లేకపోతే బంధువుల పెళ్లి. వారంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి జ్వరాలొస్తే మాకు తెలియదా?

అది దాటినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. ప్రస్తుతం ఉంటున్న అడ్రస్‌కి మనిషి రావచ్చు, లేదా మీ ఫోన్‌కి లింక్ పంపి ఆ ఇంటి దగ్గర నిలబడి లొకేషన్‌తో ఫోటో తీయమంటారు. ఆధార్‌లో సొంతూరు ఉండటం తప్పు కాదు, అది శాశ్వత చిరునామా అని అందరికీ తెలుసు. ప్రస్తుత చిరునామా అని మీరు రాసి ఇచ్చింది తేలకపోతేనే సమస్య. ఊరు గురించి అబద్ధం చెప్పాడంటే జీతం స్లిప్పులు కూడా మళ్లీ చూడు అంటాడు మేనేజర్, అక్కడ మీ తప్పేమీ లేకపోయినా.

మధ్యలో ఒక దారి ఉంది, అది తప్పు కాదు. అన్నయ్య దగ్గరో స్నేహితుడి రూమ్‌లోనో ఉండటానికి నిజంగానే చోటుంటే, ఇంటర్వ్యూలు మొదలయ్యే నెలకి ముందే అక్కడికి వచ్చేసి, అప్పుడు హైదరాబాద్ అని రాసుకోండి. చేతిలో ఇంటి నుంచి చేసే ఉద్యోగం ఉన్నవాళ్లకి ఇది ఖర్చు తక్కువ పని. ఉద్యోగం లేనివాళ్లకి హాస్టల్ ఫీజు కట్టుకుంటూ అమీర్‌పేటలో ఎదురుచూడమని నేను చెప్పను.

పూర్తి చిరునామా రాయాలా?

వద్దు. ఊరు, రాష్ట్రం చాలు. డోర్ నంబరు, తండ్రి పేరు, మండలం, జిల్లా రాసేది పెళ్లి బయోడేటాలో. ఇంకో చిన్న విషయం, వర్డ్‌లో పేజీ పైభాగాన హెడర్ అని ఉంటుంది కదా, ఊరూ ఫోన్ నంబరూ అందులో పెట్టకండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవవు. మామూలుగా పేరు కింద టైప్ చేయండి. "Hyd", "Blr" లాంటి పొట్టి పేర్లూ వద్దు, పూర్తిగా రాయండి.

రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలి?

మొన్న జరిగిన సంభాషణ ఒకటి ఉన్నదున్నట్టు చెబుతాను.

"ప్రస్తుతం ఎక్కడున్నారండి?"

"కర్నూల్లో మేడమ్, కానీ రీలొకేట్ అవుతాను."

"ఎప్పటికి రాగలరు?"

"ఆఫర్ వచ్చాక చూస్తాను మేడమ్."

అయిపోయింది. ఆ "చూస్తాను" విన్నాక నేను నా ఎక్సెల్‌లో ఏం రాస్తానో తెలుసా? క్లయింట్‌కి పంపే షీట్‌లో ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది, మొత్తం అనుభవం, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీస్, ప్రస్తుత ఊరు, కోరుకునే ఊరు, చివర్లో రిమార్క్స్. మేనేజర్ రెజ్యూమె తెరిచే ముందు ఆ వరుసే చదువుతాడు. రిమార్క్స్‌లో నేను రాయగలిగింది మీరు ఫోన్లో ఇచ్చిందే. "చూస్తాను" అంటే అక్కడ ఖాళీ. అదే మీరు "చెల్లెలు మియాపూర్‌లో ఉంటుంది మేడమ్, ఇంట్లో మాట్లాడేశాం, ఆఫర్ వచ్చిన నెలలో వచ్చేస్తాను, ఇంటర్వ్యూకి ఎప్పుడన్నా రెండ్రోజులు ముందు చెప్పండి" అంటే ఆ మాటలే కొంచెం కుదించి అక్కడ రాస్తాను. పది వరుసల షీట్‌లో మిగతా కర్నూలు, నెల్లూరు వాళ్లకి అది ఉండదు.

కారణం గొప్పదై ఉండక్కర్లేదు. చదువుకున్న ఊరు, ముందు పనిచేసిన ఊరు, భార్య ఉద్యోగం, పిల్లల స్కూలు, ఏదైనా సరే. ఏ బంధుత్వమూ లేకపోతే లేదనే చెప్పండి, "నా స్కిల్‌కి మా ఊళ్లో ఉద్యోగాల్లేవు, ఎలాగూ రావాలి" అన్నదీ కారణమే, పైగా నమ్మదగ్గది.

నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. ఏరియా కూడా రాయాలా?

ఐటీ అయితే కలిసొస్తేనే రాయండి. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగానికి మణికొండ అని రాస్తే లాభం. వనస్థలిపురం అయితే రాయకుండా వదిలేయండి, ఎవరూ తప్పుపట్టరు, అడిగితే చెప్పండి.

ప్లాంట్ ఉద్యోగాల్లో మాత్రం ఇది చాలా పెద్ద విషయం. పాశమైలారంలోనో తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోనో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి హైదరాబాద్ అనే మాట ఏమీ చెప్పదు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా ఒక మెట్రో లైను, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఇంకొకటి, ఈ రెండు ప్లాంట్లకీ రెండూ పోవు. పొద్దున ఆరింటి షిఫ్ట్‌కి మనిషి చేరాలంటే కంపెనీ బస్సు ఆగే చోటికి అతను చేరగలగాలి, అంతే లెక్క. అక్కడి హెచ్‌ఆర్‌ మొదట చూసేది బస్సు రూటు. కాబట్టి పటాన్‌చెరులోనో బీహెచ్ఈఎల్ దగ్గరో ఉంటే రెజ్యూమెలో అది రాయండి. దూరంగా ఉంటే షిఫ్ట్‌లకి ఓకే, ప్లాంట్ దగ్గరికి ఇల్లు మారతాను అని ఒక్క ముక్క రాయండి. ఒకే ఊళ్లో ఉంటూ కూడా ఇది రీలొకేషనే, ఇది రాయాలని చాలామందికి తోచదు. వనస్థలిపురం నుంచి పాశమైలారం ప్లాంట్‌లో చేరి మూడు నెలలకి మానేసినవాళ్లని చూసి చూసి హెచ్‌ఆర్‌కి ఓపిక పోయింది.

బెంగళూరు నుంచి విశాఖకో విజయవాడకో తిరిగి రావాలనుకుంటున్నాను. అదీ ఇంతేనా?

తిరగేసి ఉంటుంది. ఇక్కడ మీరు వస్తారా అనే అనుమానం తక్కువ, బెంగళూరు జీతం అడుగుతారేమో అనే భయం ఎక్కువ, రెండేళ్లలో మళ్లీ వెళ్లిపోతారేమో అనేది ఇంకొకటి. కాబట్టి "నేటివ్ ప్లేస్ విశాఖపట్నం" అనే మాట ఇక్కడ బాగా పనిచేస్తుంది, రెజ్యూమె పైనే పెట్టండి. అమ్మానాన్నల దగ్గరికి, సొంతింటికి వస్తున్నామంటే హెచ్‌ఆర్ ఊపిరి పీల్చుకుంటారు. జీతం విషయం మొదటి కాల్‌లోనే చెప్పేయండి, ఎంత తగ్గినా ఫర్వాలేదనకుండా, ఇంతకి తగ్గితే రాలేను అని ఒక అంకె చెప్పండి.

పెళ్లయిందా, మీవారు ఒప్పుకుంటారా అని అడుగుతున్నారు. చెప్పాలా?

చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్న మగవాళ్లని ఎవరూ అడగరు, నేను కూడా కొత్తలో అడిగినదాన్నే, ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. అడిగేవాళ్లకి తెలుసుకోవాల్సింది జాయినింగ్ గురించే కాబట్టి జవాబు అక్కడికే తీసుకెళ్లండి, "ఊరు మారడం నిర్ణయమైపోయిందండి, ఫలానా తేదీకి చేరతాను" అని. మీవారి ఉద్యోగం ఆ ఊళ్లోనే అయితే, చెప్పడం మీకిష్టమైతే చెప్పండి, అది మీకు కలిసొచ్చే మాటే. రెజ్యూమెలో మారిటల్ స్టేటస్ లైను మాత్రం తీసేయండి.

అమెరికాలో ఉన్నాను. అక్కడా ఈ గొడవ ఉందా?

ఉంది, ఇంకా సూటిగా ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగాల మెయిళ్లలో "లోకల్స్ ఓన్లీ" అని చూసే ఉంటారు, ఏ రాష్ట్రంలో ఉన్నారో చూడటానికి డ్రైవింగ్ లైసెన్సు కాపీ అడిగే వెండార్లూ ఉన్నారు. కాబట్టి డల్లాస్‌లో కూర్చుని న్యూజెర్సీ అని రాస్తే నిలవదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఇంకో మెలిక ఉంది. 2015 నుంచి, పనిచేసే చోటు ఆ మహానగర ప్రాంతం దాటి మారితే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాల్సిందే. కొత్త కంపెనీకి మారితే ఎలాగూ కొత్త పిటిషనే, అందులో పనిచేసే చోటు చూపిస్తారు. అందుకే అక్కడ "ఎక్కడికైనా వస్తాను" కంటే ఏ ఊరికి, ఎన్ని వారాల్లో అని చెప్పడం ముఖ్యం, పేపర్ పని దాన్ని బట్టే మొదలవుతుంది.

మారడానికి ఖర్చులు కంపెనీ ఇస్తుందా? ఎప్పుడు అడగాలి?

కొన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. రెజ్యూమెలో రాయకండి, మొదటి కాల్‌లో అడగకండి, అక్కడ అది "రాకపోవచ్చు" అని వినిపిస్తుంది. జీతం మాట్లాడే రోజు అడగండి. ఇచ్చేవాళ్లు మామూలుగా కొన్ని రోజుల గెస్ట్‌హౌస్, సామాను తరలింపు బిల్లు, టికెట్లు ఇస్తారు, బిల్లు ఉంటేనే. తెలిసినవాడి డీసీఎంలో సామాను వేసుకొచ్చి తర్వాత బిల్లు కావాలంటే ఎక్కడ తెస్తారు? ఆఫర్ లెటర్‌లో ఏడాదిలోపు మానేస్తే ఈ డబ్బు తిరిగి ఇవ్వాలని ఉంటుందేమో కూడా చూసుకోండి, చాలాచోట్ల ఉంటుంది.

ఆఫర్ తీసుకున్నాక ఊరు మారడం కుదరదని తేలితే?

తేలిన రోజే ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. నోటీస్‌లో ఇంకా నెల ఉండగా చెబితే నా జాబితాలో రెండో మనిషికి ఫోన్ చేసుకునే టైమ్ ఉంటుంది, తిట్టుకుంటానేమో గానీ ఆ సాయంత్రానికి మర్చిపోతాను. కొన్నిసార్లు అదే కంపెనీకి విశాఖలోనో చెన్నైలోనో ఇంకో ఆఫీసు ఉంటే అక్కడికి మార్చిన సందర్భాలూ ఉన్నాయి, అడిగితేనే. జాయినింగ్ రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసుకుంటే మాత్రం కంపెనీ వాళ్ల సిస్టమ్‌లో మీ పేరు పక్కన ఒక గుర్తు పడుతుంది, రెండేళ్ల తర్వాత మీరు నిజంగానే హైదరాబాద్ వచ్చేసి అదే కంపెనీకి అప్లై చేసినా అది అక్కడే ఉంటుంది.